భోగి దాటిన సకినాలు

కాజీపేట జంక్షన్‌లో ఒక్క పూటైనా రైలు కోసం కూర్చున్నవాళ్లకు ఆ వాక్యం నోటికి వచ్చేసి ఉంటుంది. బండి గంట ఆలస్యమైనా, నాలుగు గంటలు ఆలస్యమైనా మైకులో ఒకటే గొంతు, ఒకటే మాట: కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. చింతిస్తున్నది ఎవరో తెలియదు. అసౌకర్యం ఎవరివల్ల కలిగిందో తెలియదు. విన్నవాళ్లెవరూ నొచ్చుకోరు, ఊరట పడరు. ఇంకో చాయ్ తాగొస్తారు.

కాజీపేట నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుని కాస్త దూరం వస్తే మడికొండ. సంక్రాంతి రోజుల్లో అదే వాక్యం ఇక్కడ వాట్సాప్ స్టేటస్‌లో కనబడుతుంది. కాకపోతే దాని వెనక గులాబీ రంగు పువ్వులుంటాయి, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంటుంది. "అనివార్య కారణాల వల్ల కొన్ని ఆర్డర్లు ఆలస్యమైనవి. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ ఆదరణ ఇలాగే కొనసాగాలని కోరుకుంటూ..." ఇంట్లో సకినాలు చేసి అమ్మే మనిషి, రోజూ 'అక్కా, తిన్నవా' అని మాట్లాడే మనిషి, తప్పు జరిగిన రోజు మాత్రం రైల్వే మైకులా మాట్లాడుతుంది. చదివిన కస్టమరుకు కోపం తగ్గకపోగా, తానెవరో పరాయిదాన్నన్న సంగతి కొత్తగా తెలిసివస్తుంది.

ఈ కథనం ఆ పోస్టు గురించే. ఆర్డరు పండుగకు అందలేదు. కస్టమరు చేజారకూడదు. ఏం రాయాలి, ఎవరికి రాయాలి, ఎప్పుడు రాయాలి? ఊరికే మాటలతో తేలే సంగతి కాదు కాబట్టి ఒక ఇంటిని ఊహించుకుందాం. మెట్టుగుట్ట కనబడే సందులో ఒక ఇల్లు. అక్కడ ఒక అక్క. ఆమె ఏ ఒక్కరూ కాదు, కింద వచ్చే లెక్కలు కూడా మనం వేసుకున్నవే. అయితే ఈ వ్యాపారం చేసినవాళ్లకు ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చదవకముందే తెలుస్తుంది.

అక్కకు ఈ సంక్రాంతికి 60 కిలోల సకినాల ఆర్డర్లు వచ్చాయి. తలా రెండు కిలోల చొప్పున ముప్పై ఇళ్లు. కొందరు మడికొండ ఐటీ పార్కులో పనిచేసే పిల్లలు, కొందరు హన్మకొండవాళ్లు, ఇద్దరు ముగ్గురికి బస్సు పార్సిల్లో హైదరాబాద్ వెళ్లాలి. భోగి ముందు రోజు మధ్యాహ్నానికల్లా అందరికీ ఇస్తానని మాట ఇచ్చింది. డబ్బులు ముందే ఫోన్‌పేలో వచ్చేశాయి.

సకినం యంత్రానికి లొంగే వంట కాదు. మురుకులకైతే గొట్టం ఉంది, పిండి పెట్టి తిప్పితే వచ్చేస్తాయి. సకినాన్ని చేత్తోనే చుట్టాలి. రాత్రి నానబెట్టిన బియ్యాన్ని పొద్దున వడగట్టి, తడి తడిగానే గిర్నిలో పట్టిస్తారు. ఆ తడి పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి కొంచెం నీళ్లతో కలిపి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండిని మెలిపెడుతూ పరిచిన నూలుబట్ట మీద వలయం లోపల వలయంగా తిప్పుకుంటూ రావాలి. చెయ్యి తిరిగినవాళ్లకైనా ఒక్కోదానికి నిమిషం అనుకుందాం. కిలోకు యాభై తూగుతాయనుకుందాం. అరవై కిలోలంటే మూడు వేల సకినాలు, మూడు వేల నిమిషాలు, అంటే యాభై గంటల చేతిపని. అక్కతో కలిపి ఐదుగురు, గిర్ని నుంచి పిండి వచ్చాక రోజుకు ఐదు గంటలు కూర్చుంటారు. రోజుకు ఇరవై ఐదు గంటల పని, రెండు రోజుల్లో యాభై గంటలు. కాగితం మీద సరిగ్గా సరిపోయింది. సమస్యంతా ఆ సరిగ్గా సరిపోవడంలోనే ఉంది.

మొదటి రోజు ఇద్దరు రాలేదు. ఎందుకు వస్తారు? సంక్రాంతి వాళ్లింట్లోనూ ఉంది. వాళ్ల సకినాలు వాళ్లు చుట్టుకోవద్దా? పండుగ వంట అమ్మేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. గిరాకీ ఎక్కువున్న రోజే పనిచేసే చేతులు తక్కువుంటాయి. ముగ్గురు ఐదు గంటలు కూర్చుంటే పదిహేను, రెండో రోజు ఐదుగురితో ఇరవై ఐదు. మొత్తం నలభై గంటలు, నలభై ఎనిమిది కిలోలు. పన్నెండు కిలోలు మిగిలిపోయాయి. అంటే ఆరు ఇళ్లు.

మిగిలిన పది గంటల పని ఐదుగురికి రెండు గంటలే కదా, భోగి ముందు రోజు పొద్దునే అయిపోదా అనిపిస్తుంది. కానీ ఆ రోజు గిర్ని దగ్గర ఊరు ఊరంతా ఉంటుంది. అందరి చేతుల్లోనూ తడి బియ్యం గిన్నెలే. అక్క వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చుట్టడం పూర్తయ్యేసరికి పొద్దుగూకింది. అప్పుడైనా వెంటనే నూనెలో వేయడానికి లేదు. చుట్టిన సకినం బట్ట మీద ఆరాలి. అందులోని తడిని బట్ట కొంత పీల్చుకుని, అట్లకాడతో లేపితే చెదరకుండా లేచేంత గట్టిపడాలి. చలికాలపు రాత్రి, మంచు పడుతుంటే బట్టే చెమ్మగా ఉంటుంది, ఇక అది పిండి తడినేం పీలుస్తుంది! ఆరకముందే లేపితే ముక్కలవుతుంది. పట్టుబట్టి నూనెలో వేస్తే చిట్లుతుంది. పైన ఎర్రబడి లోపలి చుట్టు మెత్తగా ఉండిపోతుంది, మరునాటికి సాగుతుంది. మధ్య చుట్టు విరిచి చూస్తే తెలిసిపోతుంది. టక్కున విరగాలి, వంగకూడదు. అక్క పనిమంతురాలు, ఆ తప్పు చేయలేదు. భోగి పొద్దున వేయించింది. ఆరు ఇళ్లకు సకినాలు చేరేది భోగి మధ్యాహ్నం. అంటే ఒక రోజు ఆలస్యం.

ఇప్పుడు కారణం ఏం చెప్పాలి? చేతిలో మూడు కారణాలున్నాయి. గిర్ని దగ్గర రద్దీ, మంచు, రాని మనుషులు. మూడూ నిజమే. అయినా మూడింటిలో ఏదీ అసలు కారణం కాదు. సంక్రాంతి ముందు గిర్ని దగ్గర రద్దీ ఉంటుందని, జనవరిలో మంచు పడుతుందని, పండుగకు మనుషులు దొరకరని మడికొండలో చంటిపిల్లకు కూడా తెలుసు. అసలు కారణం నలభై ఎనిమిది కిలోల చేతులతో అరవై కిలోలు ఒప్పుకోవడం. కస్టమరుకు కూడా ఆ సంగతి తెలుసు. అందుకే 'అనివార్య కారణాలు' అన్న మాట చూడగానే ఒళ్లు మండుతుంది. 'మీ అపారమైన ఆదరణ వల్ల' అని మొదలుపెడితే అది ఇంకా ఘోరం. నీకు గిరాకీ ఎక్కువైందన్న మురిపెం మా పండుగ ఖర్చు మీదనా అనిపిస్తుంది. 'నాణ్యతలో రాజీ పడం కాబట్టి ఆలస్యం' అనేది మూడో రకం. తప్పును బిరుదుగా మార్చుకోవడమన్నమాట.

మన భాషలో తప్పించుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. 'ఆలస్యమైంది', 'పొరపాటు జరిగింది', 'తప్పైంది' అంటే వాక్యం నిండుగానే ఉంటుంది, చేసినవాళ్లు మాత్రం కనబడరు. ఆలస్యం దానంతటదే నడుచుకుంటూ వచ్చి గడపలో కూర్చున్నట్టు ఉంటుంది. 'నేను ఆలస్యం చేసిన' అనడానికి నోరు రాదు. క్షమాపణ పోస్టులో బరువంతా 'అయింది'ని 'చేసిన'గా మార్చడంలోనే ఉంది. ఇది వ్యాకరణ చాదస్తం కాదు. రాయ్ లెవిక్కి అనే అమెరికన్ ఆచార్యుడు, ఆయన సహచరులు 2016లో క్షమాపణను ఆరు భాగాలుగా విడదీసి, ఏ భాగానికి ఎంత విలువ దక్కుతోందో జనాన్ని అడిగి చూశారు. విచారం చెప్పడం, కారణం చెప్పడం, తప్పు తనదేనని ఒప్పుకోవడం, మళ్లీ చేయనని చెప్పడం, నష్టం సరిచేస్తాననడం, క్షమించమని అడగడం. అన్నింటికంటే పైన నిలిచింది తప్పు తనదని ఒప్పుకోవడం, దాని తర్వాత సరిచేస్తాననడం. అట్టడుగున ఉన్నది క్షమించమని అడగడం. మన పోస్టులు చూడండి. పైన 'క్షమించండి', కింద 'మన్నించండి', మధ్యలో పువ్వులు. ఎక్కువ పనిచేసే రెండు భాగాలే ఉండవు.

మడికొండలో కూర్చుని ఈ మాట రాస్తున్నప్పుడు కాళోజీని తలవకుండా ఉండలేం. ఆయన పుట్టింది కర్ణాటకలోని రట్టహళ్లిలో అయినా కుటుంబం స్థిరపడింది ఈ ఊళ్లోనే. జనం మాట్లాడుకునే పలుకే రాతలోకి రావాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆయన పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ ఊరి అక్క తన కస్టమరుకు 'చింతిస్తున్నాము' అని రాయడమేమిటో!

ఇక ఎవరికి రాయాలి అన్నది. ముప్పై ఇళ్లలో ఇరవై నాలుగింటికి వేళకు అందాయి. స్టేటస్‌లో క్షమాపణ పెడితే, హాయిగా సకినాలు తింటున్న ఆ ఇరవై నాలుగు ఇళ్లవాళ్లకు కూడా 'ఈసారి ఇబ్బంది జరిగిందట' అని చాటినట్టవుతుంది. పోనీ నష్టపోయిన ఆరుగురూ చూస్తారా అంటే నమ్మకం లేదు, స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో మాయమవుతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో పంపితే ఇంకో చిక్కు. మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. ఎవరి ద్వారానో వచ్చిన కొత్త కస్టమరు నంబరు సేవ్ చేసుకుని ఉండదు. పోయే కస్టమరు సరిగ్గా ఆమే. పంపినామెకు మాత్రం అందరికీ చెప్పేశానన్న తృప్తి మిగులుతుంది.

కాబట్టి ముందు ఫోను, తర్వాత పోస్టు. ఆరే ఫోన్లు. అదీ గడువు దాటిన తర్వాత కాదు. రెండో రోజు రాత్రి నలభై ఎనిమిది కిలోలు తూచి పక్కన పెట్టినప్పుడే పన్నెండు కిలోలు తప్పుతాయని తెలిసిపోయింది. అప్పటికి ఇంకా సమయం ఉంది. భోగి ముందు రోజు ఉదయమే ఫోన్ చేస్తే కస్టమరుకు మిఠాయి దుకాణం నుంచో, వదినగారింటి నుంచో తెచ్చుకునే వ్యవధి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక, 'ఎక్కడిదాకా వచ్చింది అక్కా' అని ఆమె అడిగాక చెబితే అది దొరికిపోవడమే, చెప్పడం కాదు.

ఆ ఆరు ఇళ్లకూ నష్టం ఒకేలా ఉండదు. నలుగురికి సకినాలు ఇంట్లో తినడానికి. ఒక రోజు ఆలస్యమైతే విసుక్కుంటారు, కనుమ దాకా తింటారు. ఐదో ఇంట్లో కూతురికి కొత్తగా పెళ్లయింది. మొదటి సంక్రాంతికి సకినాలు వియ్యాలవారింటికి వెళ్లాలి. అక్కడ వాటిని చుట్టాలకు పంచుతారు, ఎన్ని తెచ్చారో, ఎంత సన్నగా చుట్టారో చూస్తారు. భోగి పొద్దున ఖాళీ చేతులతో వెళ్లిన తల్లికి ఆ మధ్యాహ్నం రెండు కిలోలు చేరితే ఏం లాభం? ఆరో ఇంట్లో కొడుకు భోగి తెల్లవారుజామునే శంషాబాద్ బయల్దేరి విమానం ఎక్కాలి. సకినాలు వచ్చేసరికి అతను ఆకాశంలో ఉంటాడు. ఈ ఇద్దరికీ సరుకు ఆలస్యం కాలేదు, అసలు అందనట్టే లెక్క.

ఈ తేడా చట్టానికి కూడా తెలుసు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చెప్పేది ఇదే. ఒప్పందంలో సమయమే ప్రాణమైనప్పుడు, ఆ సమయానికి పని చేయకపోతే అవతలివాళ్లు ఒప్పందాన్ని వద్దనుకోవచ్చు. పండుగ సరుకు అంటేనే సమయం ప్రాణమైన సరుకు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఆలస్యంగా వచ్చినా ఒప్పుకుని తీసుకున్నవాళ్లు, తీసుకునేటప్పుడే నష్టం సంగతి చెప్పకపోతే తర్వాత పరిహారం అడగలేరు. రెండు కిలోల సకినాల కోసం కోర్టుకెవరూ పోరు. కానీ ఆ పెళ్లికూతురి తల్లికి డబ్బు వెనక్కి ఇవ్వడం అక్క ఉదారత కాదు, ఆమె హక్కు. పోస్టులో దాన్ని దయలాగా రాయకూడదు.

డబ్బు మాట ఎత్తితే ఇంటి వ్యాపారం చేసేవాళ్లు జంకుతారు. లెక్క చూద్దాం. కిలో 500 రూపాయలనుకుంటే ఇద్దరికి పూర్తిగా వెనక్కి ఇచ్చేది రెండు వేలు. మిగతా నలుగురికి తలా వంద. మొత్తం 2,400. కానీ ఆ ఇద్దరి నాలుగు కిలోలూ అక్క దగ్గరే ఉన్నాయి కదా! గాలి తగలకుండా డబ్బాలో పెడితే సకినం వారాల తరబడి నిలుస్తుంది. పండుగ తర్వాత ఐటీ పార్కు పిల్లలు కొనుక్కుంటారు. అవి అమ్ముడైతే నిజంగా పోయేది నాలుగు వందలే. ఇదే బతుకమ్మకు చేసే మలీద ముద్దలైతే లెక్క వేరు, అవి అన్నాళ్లు నిలవవు. ఏ వంటను ఎంత ధైర్యంగా వెనక్కి తీసుకోవచ్చో దాని నిలవే చెబుతుంది.

తలా వంద ఎందుకు, మాటలు చాలవా? దీనికి పెద్ద ఎత్తున జరిగిన పరీక్ష ఒకటుంది. ఊబర్ కార్లు ఆలస్యమైన దాదాపు 15 లక్షల మంది ప్రయాణికులకు రకరకాల క్షమాపణలు పంపి, ఎవరు తిరిగి వచ్చారో ఆర్థికవేత్తలు చూశారు. జాన్ లిస్ట్ అందులో ఒకరు. తేలిందేమంటే ఉత్త మాటలతో ఒరిగింది అంతంతమాత్రం. తర్వాతి ప్రయాణానికి కూపన్ కలిపితేనే గుణం కనబడింది. రెండోసారి, మూడోసారి కూడా ఆలస్యమై మళ్లీ క్షమాపణ పంపితే, అసలు పంపకపోవడమే నయమనిపించింది. అయితే కూపన్ దగ్గర మనం కొంచెం ఆగాలి. కారు రేపు కూడా ఎక్కుతారు. సకినాలు కొనేది ఏడాదికోసారి. 'వచ్చే సంక్రాంతికి వంద తగ్గింపు' అంటే ఏడాది దాకా ఎవరికి గుర్తుంటుంది? డబ్బులు వచ్చిన నంబరుకే అప్పుడే వంద వెనక్కి వెయ్యాలి. 'బదులుగా పావుకిలో గరిజెలు పంపుతా' అనడం ఇంకా ప్రమాదం. పన్నెండు కిలోలకే చేతులు చాలక పడిపోయిన వంటింటికి కొత్త పని పెట్టుకోవడం, కొత్త మాట ఇవ్వడం. ఆ గరిజెలు కూడా ఆలస్యమైతే?

ఇంతకీ ఫోన్‌లో మాటలు అయ్యాక, రాతలో ఉండాలి కాబట్టి అక్క ఆ నలుగురికి పంపే మెసేజ్ ఇట్లా ఉండొచ్చు:

"వదినా, నమస్తే. ఇయ్యాల మధ్యాహ్నం వరకు ఇస్తనన్న మీ రెండు కిలోల సకినాలు ఇయ్యలేకపోతున్న. తప్పు నాదే. నా చేతులకు మించి ఆర్డర్లు ఒప్పుకున్న. రేపు భోగి నాడు మధ్యాహ్నం రెండు గంటల లోపల మీ ఇంటికే తెచ్చి ఇస్త. వంద రూపాయలు ఇప్పుడే వాపస్ వేసిన, చూడుండ్రి. రేపటికి మీకు అక్కరకు రావు అంటే ఒక్క మాట చెప్పుండ్రి, మొత్తం పైసలు వాపస్ వేస్త."

వియ్యాలవారింటికి పంపాల్సిన తల్లికి ఇది సరిపోదు. ఆమెకు పైసలు ముందే వేసి, తర్వాత ఫోన్ చేయాలి. 'అక్కా, నీ పైసలు వాపస్ వేసిన. నేను మాట తప్పి నిన్ను ఇబ్బంది పెట్టిన. ఇక్కడ రెండు కిలోలు తయారున్నాయని ఒకరి పేరు చెబుతున్న, ఇప్పుడు పోతే దొరుకుతయి' అని ఇంకో ఇంటి నంబరు ఇవ్వగలిగితే అంతకు మించింది లేదు. పోటీదారుకు గిరాకీ పంపడమా అని ముక్కు విరిచేవాళ్లుంటారు. ఆ తల్లికి మాత్రం భోగి పొద్దున చేతిలో సకినాలు ఎట్లా వచ్చాయో ఏళ్ల తరబడి గుర్తుంటుంది. (వేళకు తయారైన నలభై ఎనిమిది కిలోల నుంచే ఈ తల్లికి, విమానం ఎక్కే కొడుకు ఇంటికి ముందు ఇచ్చి, ఇంట్లో తినేవాళ్లలో ఇద్దరిని ఆపితే సరిపోయేది కదా అంటారా? నిజమే. ఆర్డరు రాసుకునేటప్పుడే 'దేనికి, అక్కా?' అని అడిగి ఉంటే తెలిసేది.)

పై మెసేజ్‌లో లేనివి కూడా చూడండి. గిర్ని లేదు, మంచు లేదు, రాని మనుషులు లేరు. అడిగితే చెప్పొచ్చు. 'ఇంకెప్పుడూ జరగదు' అన్న హామీ లేదు. అది వచ్చే ఏడాది ఆమె మెడకే చుట్టుకుంటుంది. 'రేపు' అని వదిలేయకుండా రెండు గంటలు అని ఉంది. ఆ రెండు గంటలు కూడా నూనె పొయ్యి మీద పెట్టి, మొదటి వాయి తీసి, మధ్య చుట్టు విరిచి చూశాక ఎంతసేపు పడుతుందో తెలిసిన మనిషి వేసుకున్న గంటలు. ఒంటిగంటకు అయిపోతుందనిపిస్తే రెండు అని చెప్పింది. రెండోసారి ఆలస్యమైతే ఏ మెసేజూ నిలబెట్టలేదని ఊబర్ పరీక్ష చెప్పకముందు కూడా మన ఇళ్లల్లో తెలుసు.

బహిరంగ పోస్టు అసలే వద్దా? ఆర్డర్లు కాలనీ గ్రూపులో తీసుకుని ఉంటే, అక్కడ ఎవరైనా 'మాకు రాలేదు' అని రాసి ఉంటే, జవాబు అక్కడే ఉండాలి. రెండు వాక్యాలు చాలు. ఎన్ని ఇళ్లకు అందలేదో, ఎప్పుడు అందుతాయో. ఆ రెండు వాక్యాల కింద 'గరిజెలు, మురుకులు కూడా లభించును' అని చేర్చాలన్న చెయ్యిని మాత్రం పట్టుకోవాలి. తొందరలో ఏదైనా తప్పు రాస్తే వాట్సాప్‌లో దిద్దుకోవడానికి పదిహేను నిమిషాలే ఉంటాయి. కాబట్టి రాసి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించి పంపడం మేలు. చదివేటప్పుడు మన గొంతులాగ వినబడకపోతే అక్కడే ఆపేయాలి.

భోగి మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి నాలుగో ఇంటి ముందు స్కూటీ ఆగిందనుకుందాం. వదినగారు గేటు దగ్గరే కవరు విప్పి ఒక సకినం తీసి విరిచింది. టక్కుమంది. 'రేపు మా ఆడబిడ్డ వస్తది, ఇంకో కిలో ఉంటదా?' అని అడిగింది. ఇంటి దగ్గర నాలుగు కిలోలున్నాయి. అవి అమ్ముకోవచ్చు. సాయంత్రం అక్క ఆర్డర్ల నోటుబుక్కు తీసి, వచ్చే సంక్రాంతికని చివరి పేజీ మడిచి, పైన పెద్ద అక్షరాలతో రాసుకుంది: 40 కిలోలు. దాని కింద చిన్నగా, ప్రతి పేరు పక్కనా ఒక గడి గీసుకుంది. గడి పైన 'దేనికి?' అని ఉంది.